కోట వాకిట్లో ఒక గంట: ఎనిమిదో తరగతి పిల్లలకు మ్యూజియం గైడ్ ఉత్తరం

ఎనిమిదో తరగతి పిల్లలకు,

వచ్చే వారం మీరు కోట చూడ్డానికి వస్తున్నారని మీ టీచరు కబురు పంపారు. మీరు తయారు చేసుకున్న కాగితం కూడా పంపారు. రాజుల పేర్లు, వాళ్లు ఏలిన సంవత్సరాలు వరసగా ఉన్నాయి. చక్కగా రాశారు. కానీ ఆ రోజు దాన్ని ఇంట్లోనే పెట్టి రండి. ఆ సంగతులు పుస్తకంలో ఎప్పుడైనా దొరుకుతాయి. పుస్తకంలో దొరకనిది, రాయి దగ్గర నిలబడితేనే కనిపించేది చూపించాలని నా ఆశ.

కోటంతా తిరగాలంటే నాలుగు గంటలు పడుతుంది. చివరికి కాళ్ల నొప్పులు తప్ప ఏమీ గుర్తుండదు. అందుకే మనం ఒక గంటసేపు వాకిట్లోనే ఉంటాం. గోడ కట్టేవాడికి ఎక్కువ భయం తలుపు గురించే. ఎంత లావు గోడ కట్టినా మనుషులు, గుర్రాలు, బళ్లు వచ్చిపోవడానికి దానికి ఒకచోట కన్నం పెట్టక తప్పదు. శత్రువు కన్ను ఎప్పుడూ ఆ కన్నం మీదే. కాబట్టి కట్టినవాళ్లు తమ తెలివంతా అక్కడే ఖర్చుపెట్టారు.

తెచ్చుకోవాల్సినవి: నోటు పుస్తకం, పెన్సిలు, తరగతి మొత్తానికి ఒక టేపు, ఎనిమిది మీటర్ల తాడు. పొడవాటి వెదురు కర్ర నా దగ్గర ఉంది. అది దేనికో చివర్లో తెలుస్తుంది.

మొదట బయటే ఆగండి

చాలామంది బస్సు దిగగానే తలుపు దాటి లోపలికి పరిగెడతారు. మీరు మాత్రం అగడ్త ఇవతలే ఆగి తలుపు ఎక్కడుందో వెతకండి. కనిపించదు. కనిపించకపోవడమే మీరు రాసుకోవాల్సిన మొదటి సంగతి. దూరం నుంచి గురి పెట్టడానికి వీల్లేకుండా తలుపును బురుజు చాటున దాచారు. గోల్కొండలో బాలా హిస్సార్ దర్వాజాకు ఎదురుగా విడిగా ఒక అడ్డుగోడే కట్టారు. తలుపుకు ముసుగు వేసినట్టుంటుంది.

ఇప్పుడు దారి వెంట నడవండి. అడుగులు లెక్కపెడుతూ, గోడ మీకు ఏ చేతివైపు ఉందో చూసుకోండి. మన కోటలో మొదటి వాకిలి వచ్చేదాకా సుమారు నలభై అడుగులు గోడ కుడిచేతి వైపే ఉంటుంది. ఇది ఊరికే జరిగింది కాదు. కత్తి కుడిచేత్తో, డాలు ఎడమచేత్తో పట్టుకునే సైనికుడికి ఎడమవైపు కాపు ఉంటుంది, కుడివైపు ఉండదు. గోడ మీది విలుకాడికి ఆ కుడి భుజమే కావాలి. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ ఈ మాట సూటిగానే రాశాడు: వాకిలికి వచ్చే దారి తిన్నగా ఉండకూడదు, వచ్చేవాడి కుడిపక్క గోడకు దగ్గరయ్యేలా ఉండాలి అని. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే గ్రీసులో మైసీనే కోట కట్టినవాళ్లకూ ఇది తెలుసు. అక్కడ సింహద్వారానికి వచ్చేవాళ్ల కుడివైపున పెద్ద బురుజు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది.

అయితే ఒక జాగ్రత్త. ప్రతి కోటలోనూ ఇదే ఉండాలని పట్టుబట్టకండి. కొండ మీది కోటల్లో దారి ఎటు తిరగాలో బండే నిర్ణయిస్తుంది. గోడ ఎడమవైపు ఉంటే అలాగే రాసుకుని, ఆ పక్కన కొండ వాలు ఎటుందో కూడా గీయండి. సగం జవాబు ఆ వాలులోనే ఉంటుంది.

తాడుతో ఒక ప్రయోగం

మొదటి వాకిలి దాటగానే దారి మూడు మీటర్ల వెడల్పుతో ఎడమకు లంబకోణంలో తిరుగుతుంది. మలుపు అవతల దారి వెడల్పు కూడా అంతే. ఇక్కడ మీ తాడు తీయండి. ఎనిమిది మంది అటు నలుగురు, ఇటు నలుగురుగా నిలబడి తాడును బిగుతుగా, తిన్నగా పట్టుకోండి. అది తాడు కాదు, తలుపు పగలగొట్టడానికి మోసుకొస్తున్న చెట్టు మొద్దు అనుకోండి. ఎక్కడా వంగకుండా ఈ మలుపు తిప్పాలి.

తిప్పలేరు. ముందువాళ్లు గోడకు గుద్దుకుంటారు, మధ్యలో ఉన్నవాళ్లు లోపలి మూలకు ఒరుసుకుంటారు, వెనకవాళ్లు ముందువాళ్లను తిడతారు. మీ లెక్కల టీచరుకు పని పెట్టే విషయం ఒకటి చెబుతాను. మూడు మీటర్ల దారి మూడు మీటర్ల దారిలోకి లంబకోణంలో తిరిగేచోట, పుల్లంత సన్నని కర్ర అయినా సరే, నేలకు సమంగా పట్టుకుంటే సుమారు ఎనిమిదిన్నర మీటర్లకు మించి తిరగదు. కర్ర లావెక్కి, దానికి రెండు పక్కలా మనుషులు కూడా ఉంటే ఆ హద్దు ఇంకా తగ్గిపోతుంది. పోనీ, చిన్న మొద్దు తెచ్చి ఎలాగో తిప్పారే అనుకోండి. మలుపు నుంచి రెండో తలుపుకు ఉన్నది పన్నెండు అడుగులు. పరిగెత్తుకొచ్చి గుద్దడానికి ఆ జాగా చాలదు. ఏనుగుకైనా అంతే. వేగం పుంజుకునేలోపే తలుపు ఎదురొస్తుంది.

ఓరుగల్లులో రాతికోట వాకిళ్ల ముందు కూడా దారి ఇలాగే వంకర తిరుగుతుంది. సిరియాలోని అలెప్పో కోటలో వాకిలి లోపల ఒక మలుపు కాదు, వరసగా చాలా ఉన్నాయి. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారా, ఎవరికి వారే కనిపెట్టారా అని పిల్లలు అడుగుతుంటారు. రెండూ జరిగి ఉంటాయి. మొద్దు తిరగదన్న సంగతి ఎవరైనా ఒకసారి మోసి చూస్తే తెలిసేదే కదా.

తల పైకెత్తండి

రెండు తలుపుల మధ్య ఇప్పుడు మీరు నిలబడ్డచోటు చిన్న వాకిలిలా ఉంటుంది. నాలుగువైపులా గోడలే, పైన ఆకాశం. ఇక్కడ ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం చుట్టూ చూడండి. గోడల్లో సన్నని నిలువు చీలికలు కనిపిస్తాయి. అవి బాణాలు వేసే కన్నాలు. బయటినుంచి చూస్తే నాలుగు వేళ్లు పట్టేంత సందే. అదే కన్నాన్ని తర్వాత గోడ లోపలి గదిలోకి తీసుకెళ్లి చూపిస్తాను. అక్కడ మనిషి భుజాలు పట్టేంత వెడల్పు ఉంటుంది. విల్లు అటూ ఇటూ తిప్పడానికి ఆ వెడల్పు.

దీన్నిబట్టి ఒక సూత్రం పెట్టుకోవచ్చు. కన్నం ఎటు సన్నగా ఉంటే అటు శత్రువు. ఈ వాకిలిలో నిలబడి చూస్తే నాలుగు గోడల్లోనూ సన్నని వైపు మీకేసే ఉంటుంది. అంటే కట్టినవాళ్ల లెక్కలో ఇక్కడిదాకా వచ్చినవాళ్లు శత్రువులే. మొదటి తలుపు విరిగిపోతుందని ముందే అనుకుని, విరిగాక ఏం చేయాలో కూడా కట్టిపెట్టుకున్నారు.

చీలికలతోపాటు చదరపు గుంటలు కూడా కనిపిస్తాయి. ప్రతి బృందంలో ఎవరో ఒకరు వాటిని చూపించి "ఫిరంగి కన్నాలు!" అని అరుస్తారు. కావు. గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడే పరంజీకి కర్రలు గుచ్చిన గుంటలవి. తేలిగ్గానే పోల్చుకోవచ్చు: ఒకే ఎత్తులో వరసగా ఉంటాయి, ఆ వరస పైన దాదాపు ఒక మనిషి ఎత్తుకు మరో వరస వస్తుంది, గోడలోకి కొంతదూరం పోయి ఆగిపోతాయి. ఏ కన్నం చూసినా దాని వెనక మనిషి నిలబడే జాగా ఉందా అని అడగండి. లేకపోతే అది యుద్ధానికి సంబంధించింది కాదు.

రెండో తలుపు నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన చిన్న గూడు, దాని అడుగున సందులు ఉన్నాయి. మరిగే నూనె పోసేవాళ్లని మీరు వినే ఉంటారు. నూనె ఖరీదైనది, ముట్టడిలో తినడానికే చాలదు. ఎక్కువగా రాళ్లు వేసేవాళ్లు, కాగిన ఇసుకో నీళ్లో పోసేవాళ్లు. ఈ సందుకు ఇంకో పని కూడా ఉంది. కింద శత్రువు తలుపుకు నిప్పు పెడితే దాన్ని ఆర్పడానికి చన్నీళ్లు పోసేదీ ఇక్కడినుంచే. కర్ర తలుపుకు మొద్దు కంటే నిప్పే పెద్ద గండం. తలుపు మీద ఇనుప రేకులు కొట్టడం కూడా అందుకే.

తలుపు దగ్గర

తలుపు మీది ఇనుప శూలాలు మీరు అడక్కుండానే చూస్తారు, పట్టుకుంటారు, ఫొటో దిగుతారు. దిగండి. ఆ తర్వాత టేపు తీసి, శూలాలు నేలనుంచి ఎంత ఎత్తులో మొదలవుతాయో కొలవండి. మన తలుపుకు కింది భాగంలో లేవు. మీలో పొడుగ్గా ఉన్నవాళ్లు చెయ్యెత్తితే అందే ఎత్తునుంచి మొదలవుతాయి. అది ఏనుగు నుదురు ఆనించే ఎత్తు. గోల్కొండ ఫతే దర్వాజాకూ ఇలాంటి శూలాలే ఉన్నాయి, పుణెలో శనివార్‌వాడ తలుపుకూ ఉన్నాయి. ఎక్కడైనా శూలాలు మోకాలి ఎత్తున ఉంటేనో, వేలితో వంచితే వంగేలా ఉంటేనో అవి అందానికి పెట్టినవో, తర్వాతెప్పుడో మార్చినవో అనుకోవచ్చు. కర్ర తలుపు వందల ఏళ్లు అలాగే ఉండదు. చెక్క మారుతుంది, ఇనుము మాత్రం పాత తలుపునుంచి కొత్తదానికి మారుతూ వస్తుంది.

పెద్ద తలుపులోనే ఒక చిన్న తలుపు ఉంది, చూడండి. అది దిడ్డి. వంగితే తప్ప లోపలికి పోలేం. రోజూ రాకపోకలకు దాన్నే తీసేవాళ్లు. వంగి తల ముందుకు పెట్టినవాడు కత్తి ఎత్తలేడు, లోపల కాపలావాడికి ఆ ఒక్క క్షణం చాలు. మీలో ఒకరు వీపున బ్యాగుతో దానిలోంచి రండి. మిగతావాళ్లు బయటే ఉండి, వాళ్ల చేతులు ఎక్కడున్నాయో గమనించండి. రెండు చేతులూ ద్వారబంధాన్ని పట్టుకునే ఉంటాయి.

ఇక వెదురు కర్ర సంగతి. తలుపు వెనక, లోపలివైపు, గోడలో ఎదురెదురుగా రెండు చదరపు గుంటలున్నాయి. ఎవరూ వాటిని చూడరు. పదేళ్లుగా కొన్ని వందల బృందాలను తిప్పాను, తమంతట తాము వీటి గురించి అడిగినవాళ్లు నా వేళ్లమీద లెక్కకు వస్తారు. నన్నడిగితే వాకిలి మొత్తంలో చూడాల్సింది ఇదే.

వాటిలో చెయ్యి పెట్టొద్దు. తేళ్లుంటాయి, కందిరీగలుంటాయి. ఒకసారి నేను చెప్పేలోపే ఒక అబ్బాయి చెయ్యి పెట్టేశాడు, సాయంత్రానికి అరచెయ్యి బూరెలా ఉబ్బింది. కర్రే దూర్చి కొలవండి. ఎడమవైపు గుంటలో కర్ర 40 సెంటీమీటర్లు పోయి ఆగుతుంది. కుడివైపు గుంటలో దూర్చితే పోతూనే ఉంటుంది, 3 మీటర్ల 60 సెంటీమీటర్ల దాకా.

రెండు గుంటలకు ఇంత తేడా ఎందుకు? తలుపు వెడల్పు కొలవండి. సరిగ్గా 3 మీటర్లు. ఇప్పుడు నోటు పుస్తకంలో బొమ్మ గీసి చూడండి. ఇది తలుపు వెనక అడ్డంగా వేసే గడిమాను ఇల్లు. తలుపు తీసి ఉన్నప్పుడు ఆ మాను మొత్తం కుడివైపు గోడ కడుపులో దాక్కుంటుంది. వెయ్యాల్సి వస్తే బయటికి లాగి అవతలి కొస ఎడమ గుంటలో గుచ్చుతారు. మూడు మీటర్లు తలుపుకు అడ్డంగా పోతే, 40 సెంటీమీటర్లు ఎడమ గుంటలోకి పోతే, మిగిలిన 20 కుడి గోడలో పట్టుకుని ఉంటుంది. కలిపితే 3 మీటర్ల 60, లోతైన గుంట కొలత. మాను ఎప్పుడో చెదలు తిని పోయింది. దాని పొడవు మాత్రం రాతిలో మిగిలింది. దాన్ని లాగడానికి ఎంతమంది కావాలో గుంట మందం కొలిచి మీరే అంచనా వేయండి. గుంట జానెడు చదరం, గట్టి కలప మాను. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

ఒకోచోట కర్ర లెక్కకు తగ్గ లోతు పోదు. అప్పుడు సిద్ధాంతం తప్పని కొట్టేయకండి. అడుగున మట్టి, పావురాల పెంట పేరుకుని ఉండొచ్చు, మరమ్మతు చేసినవాళ్లు రాళ్లు కుక్కి ఉండొచ్చు. కర్ర తగిలినప్పుడు వచ్చే చప్పుడు వినండి. రాయి టంగుమంటుంది, మట్టి మెత్తగా పొడుస్తున్నట్టుంటుంది.

ఈ గుంటలతో రెండో సూత్రం వస్తుంది. గడిమాను ఎటువైపు ఉంటే అటు ఇంటివాళ్లు, రెండోవైపు అనుమానించాల్సినవాళ్లు. ఈ సూత్రం పట్టుకుని లోపలి మూడో తలుపు దగ్గరికి వెళ్తాం. అక్కడ గడిమాను గుంటలు రాజు మహలు వైపు ఉన్నాయి. అంటే ఆ తలుపు మూస్తే ఆగిపోయేది కోటలో ఉన్న సైనికులు, నౌకర్లు, బజారు జనం. రాజు బయటివాళ్లకే కాదు, తనవాళ్లకూ గడియ పెట్టుకున్నాడు. ఒక చిన్న గదికి మాత్రం గుంటలు లోపల లేవు, బయటే ఉన్నాయి. అది ఏ గదో నేను చెప్పను, అక్కడికి రాగానే మీరే చెబుతారు.

గోడలో అతుకు

సమయం ఉంటే ఇంకొక్కటి చూద్దాం. వాకిలికి కుడిపక్క బురుజును కిందనుంచి పైకి చూడండి. కింద పెద్ద పెద్ద రాళ్లు, మధ్యలో సున్నమే లేకుండా ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. సుమారు ఐదు మీటర్ల పైన చిన్న రాళ్లు, వాటి మధ్య సున్నం కనిపిస్తుంది. కిందిభాగంలో నిలువు చీలికలు ఉంటే, పైభాగంలో గుండ్రటి కన్నాలున్నాయి. నిలువు చీలిక బాణానికి, గుండ్రటి కన్నం తుపాకీకి, చిన్న ఫిరంగికి. కిందిది ముందు కట్టారని వేరే చెప్పక్కర్లేదు, పైది గాల్లో కట్టలేరు కదా. కానీ ఎందుకు పెంచారో ఆ కన్నాలే చెబుతున్నాయి: మందుగుండు వచ్చాక ఈ బురుజును దానికి తగ్గట్టు మార్చారు.

పక్కన గోడ బురుజును కలిసేచోట నిలువుగా ఒక గీత ఉంటుంది. గోడ రాళ్ల వరసలు బురుజు రాళ్ల వరసల్లో కలవవు, గీత దగ్గర తెగిపోతాయి. ఇలాంటిచోట ఏది దేన్ని ఆనుకుని ఉందో చూడాలి. ఆనుకున్నది తర్వాతది. ఇక్కడ బురుజే గోడను ఆనుకుని ఉంది, గోడ ముఖం బురుజు వెనక్కి పోతున్నట్టు సందులోంచి కనిపిస్తుంది. అంటే మొదట గోడ, తర్వాత బురుజు, ఆ తర్వాత బురుజు పై అంతస్తు. ఒక్క శాసనం చదవకుండా మూడు కాలాలు పట్టేశారు.

ఇందులోనూ మోసపోవచ్చు. ఒకే ఏడాది కట్టిన గోడలోనూ, వానాకాలం పని ఆపి మళ్లీ మొదలుపెట్టినచోట గీత పడుతుంది. అందుకే గీత ఒక్కటే చూసి తేల్చకండి. రాయి, సున్నం, కన్నాల ఆకారం, వీటిలో కనీసం ఇంకొకటైనా మారిందా చూడండి. సున్నం తెల్లగా, గోటితో గీస్తే పొడి రాలేలా ఉండక, బూడిద రంగులో నున్నగా ఉంటే అది సిమెంటు. మన కాలంలో చేసిన మరమ్మతు.

మీరు అడగబోయే రెండు ప్రశ్నలు

సొరంగం ఎక్కడ? ప్రతి కోటకూ పక్క ఊరిదాకా రహస్య సొరంగం ఉందని చెబుతారు. మీకు చూపించే సొరంగాల్లో చాలావరకు వాననీటి కాలువలు. నేల బయటికి వాలుగా ఉండి, మధ్యలో నీళ్లు ఒరిసిన గాడి ఉందేమో చూడండి. రాజు పారిపోవడానికి గాడి అక్కర్లేదు.

మెట్లు అలా సుడి తిరిగింది కత్తి యుద్ధం కోసమేనా? పైనుంచి దిగేవాడి కుడిచేతికి జాగా ఉండేలా కట్టారని నేనూ చాలాకాలం చెప్పాను. ఒకసారి ఒక అమ్మాయి మన కోటలోని మూడు సుడి మెట్లూ ఎక్కి దిగి వచ్చి, రెండు ఒకవైపు, మూడోది ఇంకోవైపు తిరుగుతున్నాయని చెప్పింది. ఆ రోజునుంచి ఆ కథ మానేశాను. చరిత్రకారుల్లో చాలామంది కూడా దాన్ని ఒప్పుకోరు.

దిడ్డి గురించి రాస్తూ ఒకటి మరిచాను. ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించి ఎనిమిది నెలలు గోడల బయటే ఉంది. ఫిరంగులు పేల్చారు, సొరంగాలు తవ్వి మందు పెట్టారు, గోడ లొంగలేదు. చివరికి 1687లో లోపలివాడే ఒకడు లంచానికి ఆశపడి చిన్న తలుపు తీశాడు. మన కోటలోనూ వెనకవైపు అలాంటి తలుపు ఒకటుంది. దాని గడిమాను గుంట కొలిచే పని మీదే. ఆ మాను లాగడానికి ఎంతమంది కావాలో లెక్కకట్టి, ముందు వాకిలి లెక్క పక్కన రాయండి.

ఉదయం 9 గంటలకల్లా రండి, ఎండెక్కితే రాతిమీద నిలబడలేం. అగడ్త వంతెన ఇవతలే ఆగండి. లోపలికి రావద్దు, నేనే బయటికి వస్తాను.

మీ
మ్యూజియం గైడ్